కోతులు పేలు చూసుకోవడం వెనుక ఉన్న లెక్క

ప్రశ్న: కోతులు గంటలకొద్దీ ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి కదా, అది నిజంగా శుభ్రత కోసమేనా, లేక స్నేహం కోసమా? పెద్ద కోతికి ఎక్కువగా పేలు చూసిన కోతికి గుంపులో స్థాయి పెరుగుతుందా?

జవాబు:

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. సాధారణంగా పెరగదు. పేలు చూసి స్థాయి కొనుక్కోవడం చాలా కోతి జాతుల్లో జరగని పని. పేలు చూస్తే కొనుక్కోగలిగినవి వేరే ఉన్నాయి. అవేమిటో, వాటి ధర ఎలా నిర్ణయమవుతుందో చెప్పడానికే ఈ జవాబు ఇంత పొడవైంది. పదకొండేళ్లు నోటు పుస్తకం పట్టుకుని కోతి గుంపుల వెంట తిరిగినవాణ్ణి, మొదటి రెండేళ్లు నేను కూడా మీలాగే అనుకున్నాను.

ముందు శుభ్రత సంగతి. కోతులు వెంట్రుకల్లో నుంచి ఉప్పు ఏరుకుని తింటాయని చాలామంది నమ్ముతారు. ఇచిరో తనకా, తకెఫుషి అనే పరిశోధకులు జపాన్ మకాక్ కోతులను దగ్గరగా గమనించి 1993లో ఫలితాలు ప్రచురించారు. ఆ కోతులు ఏరి నోట్లో వేసుకున్నవాటిలో అత్యధికం పేల గుడ్లే, అంటే ఈపులు. వెంట్రుకకు అంటుకుపోయిన ఈపిని వేళ్లతో సడలించి లాగడం నేర్పు కావలసిన పని. ఇక ఆఫ్రికాలో కెన్యాలోని అంబోసెలీ మైదానాల బబూన్ కోతులకు పిడుదుల బెడద ఎక్కువ. అక్కడ ఇతరుల చేత ఎక్కువసేపు ఒళ్లు చూపించుకున్న కోతుల మీద పిడుదులు తక్కువగా ఉన్నట్టు తేలింది. పిడుదు రక్తం పీలుస్తుంది, రోగాలు మోసుకొస్తుంది. కాబట్టి మన భాషలో ఈ పనికి ఉన్న 'పేలు చూడటం' అనే మాట తప్పేమీ కాదు. శాస్త్రవేత్తలు దీన్నే గ్రూమింగ్ అంటారు. పేలు ఉన్నా లేకపోయినా నేను పాత మాటే వాడతాను.

అయితే శుభ్రతతోనే అంతా అయిపోతే కొన్ని సంగతులు పొసగవు. పెద్ద ఒళ్లున్న జాతికి శుభ్రం చేసుకోవలసిన చర్మం ఎక్కువ కనుక అది ఎక్కువ సమయం వెచ్చించాలి. రాబిన్ డన్‌బార్ 1991లో అనేక జాతుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ సమయం ఒంటి పరిమాణాన్ని బట్టి కాకుండా గుంపు పరిమాణాన్ని బట్టి పెరుగుతున్నట్టు కనిపించింది. గెలాడా వంటి కోతులు పగటి సమయంలో ఐదో వంతు దాకా దీనికే ఖర్చు పెడతాయి. తిండి వెతుక్కోవలసిన జీవికి అది చిన్న ఖర్చు కాదు. పైగా పేలు అన్ని ఒళ్ల మీదా ఉంటాయి, కానీ కొందరి ముందు వరుస కడుతుంది, కొందరి దగ్గరకు ఎవరూ రారు. పేలకు అంతస్తులు తెలియవు కదా!

చేయించుకునే కోతికి దక్కే సుఖం మాత్రం నిజమైనదే. పేలు చూపించుకుంటున్న మకాక్ కోతి గుండె వేగం తగ్గుతుందని 1980ల చివర్లో కొలిచారు. టాలపోయిన్ అనే చిన్న ఆఫ్రికా కోతుల్లో, పేలు చూపించుకున్న తర్వాత మెదడు చుట్టూ ఉండే ద్రవంలో బీటా ఎండార్ఫిన్ పెరిగినట్టు కెవర్న్ బృందం 1989లో చూపింది. నల్లమందు మెదడులో ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో వాటి మీదే పనిచేసే పదార్థం అది, శరీరం సొంతంగా తయారుచేసుకునేది. అందుకే కోతి కళ్లు మూసి, చెయ్యి పైకెత్తి, చంక చూపిస్తూ వాలిపోతుంది.

ఇక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది. తన వీపు, మెడ వెనుక, నడినెత్తి తనకు అందవు, కాబట్టి ఈ సుఖాన్ని ఎవరైనా ఇవ్వాలి. ఇంకొకటి గమనించండి. పెద్ద కోతి చిన్న కోతి చేతిలోని పండు లాక్కోగలదు, కూర్చున్న చోటు నుంచి తరిమేయగలదు. కానీ తన మెడ మీద ఈపులు ఓపికగా ఏరమని బలవంతపెట్టలేదు. బలమున్నవాడు లాక్కోలేని వస్తువు, బలహీనుడి దగ్గర కూడా ఉండే వస్తువు, నిమిషాలుగా విడగొట్టి ఇవ్వగలిగిన వస్తువు ఇది. డబ్బుకు ఉండవలసిన లక్షణాలు చాలావరకు ఇందులో ఉన్నాయి.

డబ్బు అన్నాక అది ఎటు పారుతుందో చూడాలి. 1977లో రాబర్ట్ సేఫార్త్ ఒక చిన్న నమూనా ప్రతిపాదించాడు. దాన్ని తెలుగు అక్షరాలతో చెబుతాను. ఒక గుంపులో ఐదు ఆడకోతులు ఉన్నాయనుకోండి, పై నుంచి కిందికి అ, ఆ, ఇ, ఈ, ఉ. గొడవ వచ్చినప్పుడు 'అ' పక్కన నిలబడితే గెలుపు ఖాయం, మంచి చెట్టు కింద 'అ' కూర్చుంటే దాని పక్కన చోటు విలువైనది. కాబట్టి నాలుగూ 'అ'కే పేలు చూడాలని వస్తాయి. 'ఆ' మిగతా మూడింటినీ పక్కకు నెట్టి ఆ చోటు పట్టుకుంటుంది. 'అ' దొరకని 'ఇ' తన శక్తికి అందినంతలో మేలైన 'ఆ'కు సేవ చేస్తుంది. 'ఈ'కి 'ఇ' దక్కుతుంది, 'ఉ'కు 'ఈ' మిగులుతుంది. దూరం నుంచి చూసేవాడికి పక్కపక్క స్థాయిల కోతులు జతలుగా, ప్రేమగా కూర్చున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ప్రతిదీ తనకంటే పైదాన్ని కోరుకుని, దొరికినదానితో సర్దుకుంది.

ఈ నెట్టడం ఊహ కాదు. అనింద్య సిన్హా అడవి బోనెట్ మకాక్ ఆడకోతుల్లో దీన్ని గమనించి 1998లో రాశాడు. రెండు ఆడకోతులు పేలు చూసుకుంటూ ఉండగా రెంటికంటే పైస్థాయి కోతి దగ్గరకు వస్తే, సాధారణంగా ఆ రెంటిలో కిందిదే లేచి వెళ్లిపోతుంది. ఇందులో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. వచ్చిన కోతి రెంటికంటే పైదే కనుక, తనకంటే అది పెద్దదని తెలిసినంత మాత్రాన ఎవరు లేవాలో తేలదు. పక్కనున్నది కూడా తనకంటే పైదని కింది కోతికి తెలియాలి, ఈ ముగ్గురిలో తానే అడుగున ఉన్నానని లెక్క కట్టుకోగలగాలి.

ఇంత సేవ చేసినా స్థాయి ఎందుకు పెరగదు? మకాక్, బబూన్, వెర్వెట్ కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే జీవితాంతం ఉండిపోతాయి, స్థాయి తల్లి నుంచి వస్తుంది. కూతురు తల్లికి సరిగ్గా కింద మెట్టు మీద నిలుస్తుంది. చాలా మకాక్ జాతుల్లో చెల్లెలు అక్కను దాటిపోతుంది, ఎందుకంటే గొడవల్లో తల్లి చిన్న కూతురి పక్షం పడుతుంది. పొరుగు కుటుంబాల కోతులు కూడా గెలిచే కుటుంబం వైపే చేరతాయి. ఈ గోడ పేలు చూసినంత మాత్రాన కూలదు. స్థాయి మారడం లేకపోలేదు, కుటుంబంలో పెద్ద ఆడకోతి చనిపోయినప్పుడో, గుంపు చీలినప్పుడో తిరుగుబాటు వస్తుంది. అప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలుస్తారన్నదే తేలుస్తుంది, అంతకుముందు నడిచిన పేలు చూసుకోవడాల పాత్ర అక్కడ కొంత ఉండవచ్చు. రోజువారీ లెక్కలో మాత్రం కాదు.

కారణం ఎటు నుంచి ఎటు పోతుందో ఒక ప్రయోగం తేటగా చూపింది. రీసస్ ఆడకోతులు 45ను తీసుకుని ఐదేసి చొప్పున తొమ్మిది కొత్త గుంపులు కట్టారు, ఒక్కొక్కదాన్ని వరుసగా ప్రవేశపెట్టారు. ముందు వచ్చినవి సాధారణంగా పైస్థాయిలో, చివర వచ్చినవి అడుగున స్థిరపడతాయి. అంటే స్థాయిని కోతులు సంపాదించుకోలేదు, ప్రవేశించిన క్రమం దాన్ని ఇచ్చింది. తర్వాత పైస్థాయి వాటికి పేలు చూడటం ఎక్కువగా దక్కింది, కిందివాటికి వేధింపులు ఎక్కువగా దక్కాయి, రోగనిరోధక కణాల్లో జన్యువుల పనితీరు కూడా స్థాయిని బట్టి మారింది. 2016లో వచ్చిన ఈ ఫలితాల్లో ఇంకో విశేషం, గుంపులను తిరిగి కలిపి స్థాయిలు మార్చినప్పుడు కణాల్లో ఆ మార్పులు కూడా వెంట వచ్చాయి. స్థాయి ముందు, సేవలు వెనుక.

మరి కింది కోతికి ఏం లాభం? నేను అందరికీ చెప్పే ఉదాహరణ దక్షిణాఫ్రికాలోని లాస్కాప్ డ్యామ్ అభయారణ్యంలో వెర్వెట్ కోతుల మీద జరిగింది. ఫ్రూతో, నోయె తదితరులు 2009లో ప్రచురించారు. రెండు స్వేచ్ఛా గుంపులను ఎంచుకున్నారు. ఒక్కో గుంపులో స్థాయి తక్కువగా ఉన్న ఒక ఆడకోతికి ఆపిల్ ముక్కల పెట్టె తెరవడం నేర్పారు. ఆ కోతి వల్ల తప్ప పెట్టె తెరుచుకోదు. తెరుచుకున్నాక మాత్రం గుంపంతా తింటుంది, ఎవరినీ ఆపడం కింది కోతి వల్ల కాదు.

అంతకుముందు ఈ కోతి గుంపులో అడుగు వైపున ఉండేది, చేసే సేవ ఎక్కువ, దక్కేది తక్కువ. పెట్టె వచ్చిన కొద్ది కాలంలోనే తూకం మారింది. ఇతరులు దానికి పేలు చూసే సమయం పెరిగింది, అది తిరిగి ఇవ్వవలసినది తగ్గింది. ఇక్కడితో ఆపేసి ఉంటే, 'తిండి పెట్టినదాన్ని ఇష్టపడ్డాయి, అంతే' అని తోసిపుచ్చవచ్చు. కానీ పరిశోధకులు రెండో అడుగు వేశారు. అదే గుంపులో ఇంకో కింది ఆడకోతికి కూడా రెండో పెట్టె తెరవడం నేర్పారు. మొదటి కోతి చేసే పనిలో ఏ మార్పూ లేదు, దాని పెట్టె అలాగే తెరుచుకుంటోంది, ఆపిల్ ముక్కలు అలాగే వస్తున్నాయి. అయినా దానికి దక్కే సమయం పడిపోయింది, కొత్తదానికి పెరిగింది. ఒకే అంగడి ఉన్న చోట రెండో అంగడి తెరిస్తే మొదటి అంగడి గిరాకీ తగ్గడం లాంటిదే ఇది. ఇష్టం వల్లే అయితే మొదటి కోతి మీద ఇష్టం తగ్గడానికి ఏ కారణమూ లేదు.

దీని మొత్తంలో ఆ కోతి స్థాయి మారలేదని గుర్తుంచుకోండి. స్థాయి, విలువ వేరువేరు. సాధారణ రోజుల్లో పైస్థాయి కోతి దగ్గరే అందరికీ కావలసిన వస్తువు ఉంటుంది, అంటే గొడవలో అండ, తిండి దగ్గర ఓర్పు. అందుకే విలువ స్థాయితో కలిసిపోయి కనిపిస్తుంది. వస్తువు కింది కోతి చేతికి వెళ్లగానే సేవ కూడా అటు మళ్లుతుంది.

అడవిలో పెట్టెలు లేకుండానే ఇలాంటిది ఒకటి నడుస్తుంటుంది. అప్పుడే పుట్టిన పిల్ల అంటే ఆడకోతులకు విపరీతమైన ఆకర్షణ. తాకాలి, వాసన చూడాలి, లాగి ఒడిలో పెట్టుకోవాలి. తల్లి ఒప్పుకోవాలంటే ముందు ఆమెకు పేలు చూడాలి. దక్షిణాఫ్రికా బబూన్ కోతుల్లో హెంజి, బారెట్ దీన్ని కొలిచారు. గుంపులో పసిపిల్లలు తక్కువగా ఉన్నప్పుడు తల్లికి ఎక్కువసేపు చూడవలసి వచ్చింది, పిల్లలు ఎక్కువైతే తక్కువ సేపటితో సరిపోయింది. స్థాయి పూర్తిగా మాయం కాలేదు, పైస్థాయి కోతులు కింది తల్లికి తక్కువ ఇచ్చి పిల్లను ముట్టుకోగలిగాయి.

ఇదంతా చదివి కోతులన్నీ వ్యాపారులేనని నిర్ణయానికి రాకండి. ఇందులో ఇంకో ప్రవాహం ఉంది, అది బంధుత్వం. సేఫార్త్, డొరొతీ చీనీ 1984లో కెన్యా వెర్వెట్ కోతులతో ఒక చిన్న ఉపాయం చేశారు. ఒక కోతి సాయం కోసం చేసే అరుపును రికార్డు చేసి, పొదలో దాచిన స్పీకర్ ద్వారా ఇంకో కోతికి వినిపించారు. అరిచిన కోతి అంతకుముందు కాసేపటి క్రితమే ఈ కోతికి పేలు చూసి ఉంటే, అది స్పీకర్ వైపు ఎక్కువసేపు చూసింది. చూసి ఉండకపోతే తక్కువ. అయితే ఈ తేడా బంధుత్వం లేని కోతుల మధ్యే. తల్లీ కూతుళ్లు, అక్కచెల్లెళ్ల మధ్య అరుపుకు స్పందన పేలు చూసినా చూడకపోయినా ఒకే రకంగా ఉంది. అయినవాళ్ల దగ్గర నిన్నటి లెక్క అడగరన్నమాట. బయటివాళ్ల దగ్గర అడుగుతారు.

అలా లెక్క అడగని జతల విలువ ఏళ్లు గడిచాక బయటపడుతుంది. అంబోసెలీ బబూన్ ఆడకోతుల 16 ఏళ్ల రికార్డులను జోన్ సిల్క్, సూసన్ ఆల్బర్ట్స్, జీన్ ఆల్ట్‌మన్ 2003లో విశ్లేషించారు. గుంపులో బాగా కలిసిమెలిసి ఉండే ఆడకోతుల పిల్లలు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువగా ఉంది, స్థాయిని విడిగా లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. బోట్స్‌వానాలోని మొరెమీలో బబూన్ కోతుల మీద 2010లో వచ్చిన ఫలితం ఇంకా ఆసక్తికరమైనది. గట్టి బంధాలు ఏళ్ల తరబడి అవే జతలతో కొనసాగించిన ఆడకోతులు ఎక్కువ కాలం బతికాయి. అంటే పది మందికి కాస్త కాస్త చూడటం కంటే ఇద్దరు ముగ్గురితో నిలకడగా ఉండటమే కలిసివచ్చింది. ఇవి పరిశీలనలే కానీ ప్రయోగాలు కావు. ఆరోగ్యంగా ఉన్న కోతే ఎక్కువ బంధాలు నిలుపుకుంటుందేమో అన్న అనుమానానికి కొంత చోటు వదలాలి.

నా అభిప్రాయం అడిగితే, మీరు 'శుభ్రతా, స్నేహమా' అని విడదీసిన రెండూ ఒకే వేళ్ల పనే. నిజమైన మేలు చేయని సేవకు ఎవరూ వరుస కట్టరు. ఈపులు ఏరడం వల్ల మేలు ఉంది కనుకే అది ఇచ్చిపుచ్చుకునే వస్తువు అయింది.

జాతిని బట్టి తేడాలు చాలా ఉన్నాయి. రీసస్ గుంపుల్లో క్రమం కఠినం, పైకి పారే సేవ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇండొనేసియాలోని టాంకియన్ మకాక్ కోతులు చాలా ఓర్పు గలవి, స్థాయి ప్రభావం పలచగా ఉంటుంది. బంధించి ఉంచిన గోధుమరంగు కాపుచిన్ కోతుల్లో పైవే కిందివాటికి ఎక్కువగా చూసినట్టు కూడా నమోదైంది. హౌలర్ కోతులైతే ఈ పనే అరుదుగా చేస్తాయి. ఒక జాతిని చూసి కోతులన్నిటి మీదా తీర్పు ఇవ్వకూడదు.

మీరు స్వయంగా గమనించాలనుకుంటే, నేను చేసిన తప్పు చేయకండి. మొదట్లో నేను కంటికి కనబడిన జతనల్లా రాసుకునేవాణ్ణి. పెద్ద కోతులు బహిరంగంగా, మధ్యలో కూర్చుంటాయి, కింది కోతులు పొదల అంచున ఉంటాయి. దాంతో నా పుస్తకంలో పెద్ద కోతులకే సేవంతా జరుగుతున్నట్టు తేలింది. జీన్ ఆల్ట్‌మన్ 1974లోనే దీనికి మందు చెప్పింది. ముందుగా వేసుకున్న జాబితా ప్రకారం ఒక కోతిని ఎంచుకుని, నిర్ణీత సమయం, ఉదాహరణకు పది నిమిషాలు, దాన్నే చూడాలి. మధ్యలో పక్కన ఎంత రసవత్తరమైన గొడవ జరిగినా తల తిప్పకూడదు. ఇలా చూశాక నా మొదటి ఏడాది తీర్మానాల్లో సగం చెరిపేసుకున్నాను.

ఎన్నిసార్లు అన్నది కాకుండా ఎన్ని నిమిషాలు అన్నది రాసుకోండి. ఎవరు దగ్గరకు వచ్చారు, ఎవరు ఒళ్లు వాల్చి చూపించారు, ఎవరు ముందు ఆపారు, మూడో కోతి వస్తే ఎవరు లేచారు అన్నవి కూడా రాయండి. ఎవరు ఎవరికి చుట్టమో తెలియకుండా మాత్రం ఏ తీర్మానానికీ రావద్దు. పక్కపక్క స్థాయిల్లో ఉండేవి తరచుగా తల్లీ కూతుళ్లే కనుక, సేఫార్త్ చెప్పిన పోటీ వల్ల జత కలిశాయా, బంధుత్వం వల్లనా అన్నది చూపుకు ఒకేలా ఉంటుంది. వేరు చేసే ఆనవాలు మూడో కోతి రాక. పోటీ ఉన్న చోట నెట్టడం కనబడుతుంది, చుట్టాల మధ్య పైది వచ్చి పక్కన కూర్చున్నా జత చెదరకపోవచ్చు.

ఒక మకాక్ గుంపులో నేను చూసినది చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది మొదటి పిల్ల బాగా కింది స్థాయి ఆడకోతికి పుట్టింది. అంతవరకు దాని వీపు ముట్టుకున్నవాళ్లు దాని తల్లి తప్ప ఎవరూ లేరు. పిల్ల పుట్టిన మరునాటి నుంచి అది తిన్నగా మేయడానికి కూడా తీరిక లేదు, ఒకటి లేస్తే ఇంకొకటి వెనుక కూర్చునేది. పైస్థాయి కోతులు కూడా వచ్చేవి, వచ్చి నాలుగు వేళ్లు ఆడించి నేరుగా పిల్ల కాలు పట్టుకునేవి. కిందివి మాత్రం చాలాసేపు ఓపికగా చూసి, తర్వాత భయపడుతూ ఒక వేలు చాచేవి. మూడు వారాల్లో ఇంకో రెండు పిల్లలు పుట్టాయి. మొదటి తల్లి వెనుక వరుస తగ్గింది, తర్వాత మాయమైంది. నా పుస్తకంలో ఆ నెల చివరి పేజీలో దాని పేరు ఎదురుగా ఉన్నది ఒక్కటే నమోదు, తల్లి చూసిన ఏడు నిమిషాలు.